వశిష్ట గట్టు పక్కన సంపు తవ్వకం: ఉదయం తొమ్మిదింటి కొలత మమ్మల్ని ఎలా తప్పుదారి పట్టించింది

నరసాపురం దిగువన, వశిష్ట గోదావరి గట్టుకు 240 మీటర్ల దూరంలో తాగునీటి సంపు కట్టాం. 4.3 మీటర్ల లోతు గొయ్యి. వేసవిలో కాలువలు కట్టేసిన సమయంలోనే పని పెట్టుకున్నాం. పైన కనిపించే ఊటతో పెద్ద ఇబ్బంది రాలేదు. ఇబ్బంది పెట్టింది బంకమట్టి కింద ఇసుకలో ఒత్తిడి మీద ఉన్న నీరు. డెల్టాలో నది దగ్గర నాలుగు మీటర్లు దాటి తవ్వే ఎవరికైనా ఇది ఎదురవుతుంది కాబట్టి కొలతలతో సహా రాస్తున్నాను. ఆటుపోట్లు తిథులను బట్టి నడుస్తాయి. అందుకే తేదీల బదులు తిథులే వేశాను.

దశ 1: బోర్లు, పీజోమీటరు పైపు

రెండు పరీక్ష బోర్లు వేశాం. ఒకటి గొయ్యి అంచుకు మూడు మీటర్ల అవతల, రెండోది సరిగ్గా గొయ్యి ఈశాన్య మూల వచ్చే చోట. రెండింట్లోనూ ఒకటే వరస: పైన 1.2 మీటర్లు మెరక మట్టి, అక్కడి నుంచి 8.5 మీటర్ల దాకా గుల్లలు కలిసిన మెత్తటి నల్లబంక, ఆ కింద బూడిద రంగు ఇసుక. 15 మీటర్లకు బోరు ఆపాం. అప్పటికీ ఇసుకే.

ఈ ఇసుకలో నీరు బంక కింద బిగుసుకుని ఉంటుంది. బంకకు చిల్లు పెట్టి పైపు దించితే నీరు 8.5 మీటర్ల దగ్గర ఆగదు, నేలమట్టానికి ఒకటిన్నర మీటరు దగ్గరి దాకా ఎగదన్నుతుంది. పైకి పొంగి పారకపోయినా ఇది ఆర్టీసియన్ నీరే. గొయ్యి అడుగును కింది నుంచి నెట్టేది ఈ ఒత్తిడే. దాన్ని కొలవడానికి బోరులో దించే సన్న పైపే పీజోమీటరు.

మొదటి పైపు తప్పు పెట్టాం. మొదటి బోరులో పైనుంచి కింది దాకా చిల్లులున్న పీవీసీ పైపు దించి, చుట్టూ తవ్విన మట్టే వేసేశాం. నీటిమట్టం నేల నుంచి 0.95 మీటర్ల కింద చూపించింది. రోజంతా రెండు మూడు సెంటీమీటర్లు కూడా కదల్లేదు. నది పక్కనే ఉన్న ఇసుకలో నీరు అంత నిలకడగా ఉండదని అప్పుడే అనుమానం రావాల్సింది. మా మేస్త్రీ ఆ నీళ్లు నోట్లో వేసుకుని "చప్పగానే ఉన్నాయండీ, ఉప్పు లేదు" అన్నాడు. ఇక్కడ లోతు ఇసుకలో నీరు ఉప్పన. అంటే పైపులో ఉన్నది పైనున్న ఊటా, కింది ఒత్తిడి నీరూ కలిసిన మిశ్రమం. అది ఏ పొర మట్టాన్నీ చెప్పదు.

పక్కనే కొత్త బోరు వేసి మళ్లీ పెట్టాం:

1. 11 మీటర్ల దాకా 50 మి.మీ. పీవీసీ పైపు. చిల్లులు అడుగు మీటరులో మాత్రమే, వాటి మీద నైలాన్ జల్లెడ గుడ్డ.
2. చిల్లుల చుట్టూ, ఇంకో అర మీటరు పై దాకా కడిగిన ముతక ఇసుక.
3. దాని మీద, తడిస్తే ఉబ్బి సందులు మూసేసే బెంటొనైట్ బంక ఉండలు ఒకటిన్నర మీటరు మందాన. పొడిని తడిపి నిమ్మకాయంత ఉండలు చేసి, కాస్త ఆరనిచ్చి ఒక్కొక్కటే వదిలాం. ఒకేసారి పోస్తే మధ్యలో ఇరుక్కుని కింద ఖాళీ మిగులుతుంది.
4. అక్కడి నుంచి నేలమట్టం దాకా సిమెంటు, బెంటొనైట్ కలిపిన గ్రౌట్.
5. మర్నాడు పైపులో నీరంతా తోడేసి, తిరిగి ఎక్కనిచ్చి రుచి చూశాం. ఉప్పన.

మొదటి పైపును పీకి ఆ బోరును గ్రౌటుతో నింపాం. ఈశాన్య మూల బోరును మాత్రం మట్టి వేసి తొక్కి వదిలేశాం. ఎలాగూ ఆ చోటు తవ్వేస్తాం కదా అనుకున్నాం. తవ్వేది 4.3 మీటర్లే. ఆ బోరు 15 మీటర్లు దిగింది.

*ఇప్పటిదాకా: 6 రోజులు, 3 బోర్లు, రూ. 35,000.*

దశ 2: లెక్క, పంపులు, ఉదయం తొమ్మిదింటి కొలత

లెక్క చిన్నదే. గొయ్యి అడుగు నుంచి ఇసుక దాకా మిగిలే బంక బరువు ఒకవైపు, బంక అడుగున నీటి ఒత్తిడి రెండోవైపు. మా బంక ఘనపు మీటరుకు 1.7 టన్నులు తూగింది. బరువును ఒత్తిడితో భాగిస్తే వచ్చేది F. అది 1 కన్నా ఎంత ఎక్కువుంటే అంత భద్రం.

```
F = 1.7 × t / h
t = గొయ్యి కింద మిగిలిన బంక (మీ.)
h = బంక అడుగు నుంచి పైపులో నీటిమట్టం దాకా ఎత్తు (మీ.)
```

t అంటే 8.5 లోంచి 4.3 పోగా 4.2 మీటర్లు. బరువు 7.14. ద్వాదశి ఉదయం 9 గంటలకు నీటిమట్టం నేల నుంచి 1.38 మీటర్ల కింద ఉంది. h 7.12, F 1.00. అంటే బరువూ ఒత్తిడీ సరిసమానం. తవ్వకూడదు. అప్పటికి 3 మీటర్ల దాకా తవ్వి ఉన్నాం. అక్కడ ఆపి, ఇసుకలో ఒత్తిడి దించడానికి గొయ్యికి రెండువైపులా రెండు బోర్లు వేసి సబ్‌మెర్సిబుల్ పంపులు దించాం. F 1.10కి వస్తే మిగతాది తవ్వాలని నిర్ణయం. తాత్కాలిక పనికి అది చాలనుకున్నాం. ఇప్పుడైతే 1.2కి తక్కువ ఒప్పుకోను.

కొలత బాధ్యత సైటు కుర్రాడిది. డ్యూటీకి రాగానే 9 గంటలకు కొలిచి పుస్తకంలో రాసేవాడు.

| తిథి | ఉదయం 9కి మట్టం (నేల నుంచి కిందికి, మీ.) |
|---|---|
| ద్వాదశి | 1.38 |
| త్రయోదశి | 1.43 |
| చతుర్దశి | 1.53 |
| అమావాస్య | 1.66 |
| పాడ్యమి | 1.80 |
| విదియ | 1.93 |
| తదియ | 2.00 |

ఈ వరస చూసి ఎవరైనా పంపులు పనిచేస్తున్నాయనే అంటారు. మేమూ అదే అన్నాం. ఆరు రోజుల్లో 62 సెంటీమీటర్లు దిగింది. తదియ ఉదయం h 6.50, F 1.10. ప్రొక్లెయిన్ పెట్టి సాయంత్రం ఆరుకల్లా 4.3 మీటర్ల అడుగు చేర్చాం. పక్కలు మెట్లుగా కోశాం, వాటిలో కదలిక లేదు. అడుగు పొడిగా, చదునుగా ఉంది. తెల్లారితే కాంక్రీటు పరుపు వేయాలి.

పంపుల నుంచి ఎన్ని నీళ్లు వస్తున్నాయో ఈ వారం రోజుల్లో ఎవరం కొలవలేదు.

*ఇప్పటిదాకా: 15 రోజులు, 5 బోర్లు, రూ. 73,000.*

దశ 3: తదియ రాత్రి

రాత్రి 2:40కి వాచ్‌మన్ ఫోన్ చేశాడు. "ఈశాన్యం మూల నీళ్లు ఉడుకుతున్నాయి సార్" అన్నాడు. మేం వెళ్లేసరికి టార్చి వెలుగులో కనిపించింది: చేటంత వెడల్పున నీరు ఎసరులా తెర్లుతోంది, చుట్టూ బూడిద రంగు ఇసుక పుట్టలా పేరుకుంటోంది. చేత్తో ఇసుక తీస్తే, అంతే ఇసుక మళ్లీ వచ్చి చేరుతోంది. సరిగ్గా మేం మట్టి తొక్కి వదిలేసిన బోరు చోటది. లెవెల్ మెషిన్ పెట్టి చూస్తే గొయ్యి మధ్యభాగం సాయంత్రం కన్నా 11 సెంటీమీటర్లు పైకి లేచింది.

అక్కడున్న అందరికీ తోచింది ఒకటే, మడ్డి పంపు పెట్టి గొయ్యిలో నీళ్లు తోడేయాలని. అది చేయకూడదు. గొయ్యిలో నీరే ఆ అడుగు మీద ఉన్న ఏకైక అదనపు బరువు. తోడితే కింది నుంచి ఇసుక ఇంకా వేగంగా వస్తుంది, బంక కింద డొల్ల పడుతుంది. మేం చేసింది ఇదీ:

1. మనుషులందరినీ గొయ్యిలోంచి పైకి రప్పించాం. ప్రొక్లెయిన్‌ను అంచు నుంచి దూరంగా నడిపించాం.
2. బుగ్గ చుట్టూ ఇసుక బస్తాలతో దడి కట్టి, లోపల ముందు ముతక ఇసుక, దాని మీద చిన్న కంకర, ఆపైన 20 మి.మీ. కంకర వేశాం. నీరు రావచ్చు, ఇసుక రాకూడదు. దడి దగ్గర ముగ్గురే, నడుముకు తాళ్లు కట్టుకుని దిగారు.
3. పక్క చేపల చెరువు రైతును నిద్రలేపి, ఆయన ఇంజన్‌తో చెరువు నీళ్లు గొయ్యిలోకి మళ్లించాం. ఒకటిన్నర మీటరు నిలబెట్టాం.

ఒకటిన్నర మీటరు నీరంటే చదరపు మీటరుకు 1.5 టన్నుల అదనపు బరువు. 7.14కి అది కలిస్తే 8.64. ఉదయం ఐదున్నరకు బుగ్గలోంచి వచ్చే నీరు తేటపడింది. నీరు ఆగిందా అన్నదానికన్నా తేటపడిందా అన్నదే చూడాలి. మురికిగా వస్తున్నంతసేపూ కింద మట్టి పోతూనే ఉంటుంది.

ఆ హడావుడిలో ఒక్క పని మాత్రం సరిగ్గా చేశాం. 3 గంటలకు పైపు కొలిచాం. 1.39 మీటర్లు. పొద్దున 2.00 ఉన్నది రాత్రికి 1.39. h 7.11, F 1.00. వారం రోజులు పంపులు నడిపాక, మొదలుపెట్టిన చోటికే తిరిగొచ్చాం.

*ఇప్పటిదాకా: 16 రోజులు, రూ. 92,000.*

దశ 4: పాతిక గంటల కొలత

దడి కట్టడానికి సాయం వచ్చినవాళ్లలో వశిష్టలో వేటకెళ్లే పెద్దాయన ఒకరు ఉన్నారు. పుస్తకంలో అంకెలు చదివి వినిపిస్తుంటే ఆయన అడిగిన ప్రశ్న ఇది: "మీరు రోజూ తొమ్మిదింటికే చూస్తారు సరేనండీ, పోటు రోజూ తొమ్మిదింటికే వస్తదా? రోజుకి రెండు ఘడియలు వెనక్కెళ్తది కదండీ."

రెండు ఘడియలంటే 48 నిమిషాలు. సగటున పోటు రోజుకు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. రోజుకు రెండు పోట్లు, రెండు పాట్లు, అంటే నీరు రెండుసార్లు ఎక్కి రెండుసార్లు దిగుతుంది. మనం గడియారం ప్రకారం ఒకే వేళకు కొలిస్తే ఒకరోజు పోటు నెత్తిన, ఇంకో రోజు దాని జారులో, వారం తర్వాత పాటు అడుగున కొలిచినట్టవుతుంది. పైపులో రోజుకు నాలుగుసార్లు జరిగే కదలిక పుస్తకంలో రెండు వారాల నిదానమైన అలలా కనిపిస్తుంది. మా ద్వాదశి కొలత పోటు దగ్గర పడింది, తదియ కొలత పాటు దగ్గర పడింది. మేం చూసిన తగ్గుదలలో చాలా భాగం ఇదే. పైగా అమావాస్య తర్వాత రెండు మూడు రోజులు పోటు పాటు తేడా బాగా ఎక్కువ. పొద్దుటి కొలత అన్నిటికన్నా భరోసాగా కనిపించిన రోజునే రాత్రి ఒత్తిడి గరిష్ఠానికి దగ్గరగా ఉంది.

దీన్ని ఊహగా వదలకుండా పంచమి నాడు పంపులన్నీ ఆపి పాతిక గంటలు కొలిచాం. రేవులో నీళ్లలో పాతిన కర్రకు లెవెల్ స్టాఫ్ కట్టాం. పైపు దగ్గర రెండు తీగల చివర బజరు పెట్టుకున్నాం, నీరు తగలగానే మోగుతుంది. రెండు చోట్లా అరగంటకోసారి, పోటు దగ్గర పడ్డప్పుడు ఐదు నిమిషాలకోసారి.

| | నది | పైపు |
|---|---|---|
| పోటు పాటు తేడా | 1.08 మీ. | 0.54 మీ. |
| మధ్యాహ్నం పోటు వేళ | 2:50 | 4:15 |

నదిలో కదలికలో సగం, 240 మీటర్ల అవతల బంక కింద కనిపిస్తోంది. గంటా పాతిక నిమిషాలు ఆలస్యంగా. నది నీరు గంటన్నరలో ఇసుకలోంచి ఇంత దూరం నడిచి వచ్చిందని కాదు. నీళ్లు నింపి మూతి కట్టిన సంచిని ఒక మూల నొక్కితే రెండో మూల ఉబ్బినట్టు, ఒత్తిడి మాత్రమే ప్రయాణిస్తుంది. పైనున్న ఊటనీరు ఇలా ఊగదు. అందుకే మా మొదటి పైపు కదలకుండా నిలబడింది.

ఈ కొలతను నమ్మవచ్చా అని చూసుకోవడానికి ఒక చిన్న పరీక్ష ఉంది. ఒత్తిడి నది నుంచి ఇసుక గుండా వస్తుంటే, తగ్గిన మోతాదుకూ ఆలస్యానికీ మధ్య లెక్క కుదరాలి:

```
lag = 12.42 × ln(R / P) / 6.28
R = నదిలో తేడా, P = పైపులో తేడా, lag = ఆలస్యం, గంటల్లో
12.42 = పోటుకూ పోటుకూ మధ్య గంటలు, 6.28 = 2π, ln = సహజ సంవర్గమానం
12.42 × ln(1.08 / 0.54) / 6.28 = 1.37
```

1.37 గంటలంటే గంటా 22 నిమిషాలు. మేం కొలిచింది గంటా 25. కుదిరింది. కొలిచిన ఆలస్యం దీనికన్నా చాలా ఎక్కువగా ఉంటే ముందు పైపునే అనుమానించండి. చిల్లులు పూడుకుపోతే నీరు నెమ్మదిగా ఎక్కి దిగుతుంది. తేడా తక్కువగా, భద్రంగా ఉన్నట్టు కనిపిస్తుంది.

పంపులు ఆపే ముందు 15 లీటర్ల బకెట్టుతో వాటి ధార కొలిచాం. రెండూ కలిపి నిమిషానికి 11 లీటర్లు. మొదటి రోజు ధారగా వచ్చిన నీరు, కంకర చుట్టు లేకపోవడంతో సన్న ఇసుక చిల్లుల్లో ఇరుక్కుని సన్నగిల్లింది. ఆ పంపులు దించింది నికరంగా 8 సెంటీమీటర్లు.

*ఇప్పటిదాకా: 18 రోజులు, రూ. 95,500.*

దశ 5: మళ్లీ మొదటి నుంచి

ముందు పాత బోరు. అష్టమి నాటికి పోటు పాటు తేడా బాగా తగ్గుతుంది. గొయ్యిలో నీరు పైపు మట్టం దాకా నింపితే బుగ్గలో ప్రవాహమే ఉండదు. ఆ సమయంలో సన్న పైపును పాత బోరులో 14 మీటర్ల దాకా దించి, అడుగు నుంచి పైకి గ్రౌటు ఎక్కించాం. పైనుంచి పోస్తే నీటిలో కరిగిపోయి మూతి దగ్గర మాత్రమే గడ్డకడుతుంది. గొయ్యి నీరు దించాక ఆ మూల తడి కూడా రాలేదు. మూసిన తర్వాత ఆటుపోటు కొలత మళ్లీ తీశాం, మోతాదు మారలేదు.

ఇక పంపులు ఎంత దించాలన్నది. ఈసారి పెద్ద పోటు మీద లెక్క కట్టాం. పంపులు లేకుండా అమావాస్య, పౌర్ణమి పోట్లకు పైపు మట్టం 1.30 దాకా వస్తుంది. F 1.2 కావాలంటే h 5.95 దాటకూడదు, అంటే పెద్ద పోటులో కూడా మట్టం 2.55 కన్నా పైకి రాకూడదు. దించాల్సింది 1.25 మీటర్లు.

గొయ్యి నాలుగు మూలల్లో నాలుగు బోర్లు వేశాం. లోతు 14 మీటర్లు, చిల్లులు 9.5 నుంచి 13.5 దాకా, చుట్టూ ఏరిన సన్న కంకర. నీరు తేటపడేదాకా కంప్రెసరుతో ఒక్కోదాన్ని కడిగాం. తర్వాత రోజూ బకెట్టు కొలత. ఒక్కో పంపుకు 15 లీటర్ల బకెట్టు 21 సెకన్లలో నిండాలి. 26 దాటితే ఆ బోరు కడగాలి. నాలుగూ కలిపి నిమిషానికి సుమారు 170 లీటర్లు వచ్చాయి. వచ్చేది ఉప్పు నీరు కాబట్టి చేలల్లోకీ కాలువలోకీ వదలకుండా గొట్టంతో నేరుగా నదిలోకి పంపాం.

పౌర్ణమి తర్వాత విదియ నాటి పెద్ద పోటులో గొయ్యి మధ్య పెట్టిన కొత్త పైపు మట్టం 2.58. F 1.21.

తవ్వే ముందు ఇంకో పరీక్ష చేశాం. నాలుగు పంపులూ ఒకేసారి ఆపి స్టాప్‌వాచ్ పెట్టాం. పది నిమిషాల్లో మట్టం 80 సెంటీమీటర్లు ఎక్కింది. ఇంత త్వరగా ఎక్కుతుందని మాలో ఎవరూ అనుకోలేదు. బిగుసుకున్న ఇసుకలో ఖాళీ అయిన చోటంటూ ఉండదు, ఒత్తిడి మాత్రమే తగ్గి ఉంటుంది, అందుకే వెంటనే తిరిగొచ్చేస్తుంది. 1.78 దగ్గర F 1.06. అంటే పెద్ద పోటు వేళ పావుగంట కరెంటు పోతే మళ్లీ తదియ రాత్రే. జనరేటర్ అద్దెకు తెచ్చి, రెండు పంపులు దాని మీద, రెండు కరెంటు మీద నడిపాం. దాని దగ్గర రాత్రీ పగలూ మనిషిని పెట్టాం. అతని దగ్గర ఒకటే సూచన: మట్టం 2.30 దాటి పైకొస్తే గొయ్యిలో మనుషులు ఉండకూడదు.

కొలత పద్ధతి ఇలా మార్చాం:

1. గడియారం వేళ కాదు, రోజుకు రెండు పోట్లు, రెండు పాట్ల వేళ. రేవులో పోటు నిలిచిన వేళకు గంటా పాతిక నిమిషాలు కలిపితే మా పైపు పోటు వేళ.
2. ప్రతి కొలత పక్కనా వేళ, తిథి, నది మట్టం.
3. పంపుల ప్రభావం చూడాలంటే పోటును పోటుతోనే పోల్చాలి. అదీ నదిలో అంతే ఎత్తున్న పోటుతో.
4. F లెక్క పోటు మట్టంతోనే.

పైకి లేచిన మెత్తటి బంకను 15 సెంటీమీటర్లు గీకేసి, ఆ మందం కంకరతో నింపాం. పట్టు పోయిన మట్టి మీద కాంక్రీటు వేస్తే తర్వాత కుంగుతుంది.

*ఇప్పటిదాకా: 39 రోజులు, 10 బోర్లు, రూ. 2,74,500. తవ్వకం, కాంక్రీటు ఇందులో లేవు.*

దశ 6: పంపులు ఎప్పుడు ఆపాలి

అడుగు స్లాబు వేయగానే జనరేటర్ వెనక్కి పంపేద్దామని పైవాళ్ల నుంచి ఒత్తిడి వచ్చింది. స్లాబు బరువు చదరపు మీటరుకు ఒక టన్ను. 7.14కి ఒకటి కలిస్తే 8.14, పంపులు లేని పెద్ద పోటు h 7.20. F 1.13. ఒప్పుకోలేదు. గోడలు పూర్తి ఎత్తుకు లేచాక మొత్తం 2.3 టన్నులు, F 1.31. అప్పుడే ఆపాం, అదీ అష్టమి నాడు. నాలుగు పంపులూ ఒకేసారి కాదు, రోజుకొకటి. ప్రతిసారీ స్లాబు నాలుగు మూలల లెవెల్ చూసుకుంటూ.

ఖాళీ సంపు పైనున్న ఊటనీటి మీద తేలడమన్నది దీనికి సంబంధం లేని వేరే లెక్క. దానికోసం డిజైన్‌లో అడుగు స్లాబును గోడల బయటికి అర మీటరు పొడిగించారు, ఆ అంచు మీద పడే మట్టి పట్టి ఉంచుతుంది. కాలువలు వదిలేలోపు ఆ మట్టి నింపడం పూర్తి కావాలి.

ఈ అంకెలన్నీ వేసవివి. ధవళేశ్వరం నుంచి కిందికి నీరు దాదాపు రాని రోజుల్లో ఈ పాయలో ఉండేది సముద్రం పోటు పాటే. వరద రోజుల్లో నది మట్టమే గట్ల మధ్య మీటర్ల కొద్దీ లేస్తుంది. అది గంటల్లో దిగేది కాదు, రోజుల తరబడి నిలుస్తుంది. అప్పుడు పైపులో సగమే కనిపిస్తుందన్న లెక్క పనికిరాదు, దాదాపు మొత్తం ఒత్తిడీ ఇసుకలోకి వచ్చేస్తుంది. నది నుంచి దూరం, బంక మందం మారితే మా సగమూ, మా గంటా పాతిక నిమిషాలూ మీకు వర్తించవు. మీ పాతిక గంటలు మీరు కొలవాల్సిందే.

చివరి పంపు ఆపిన తర్వాత వచ్చిన అమావాస్యకు, విదియ రాత్రి పోటు వేళ కూర్చుని చూశాం. పైపులో 1.31. స్లాబు నాలుగు మూలల్లో కదలిక లేదు. మర్నాడు నాలుగు పంపు బోర్లను, రెండు పైపులను అడుగు నుంచి గ్రౌటుతో మూసేశాం.

*మొత్తం: 71 రోజులు, రూ. 3,31,000.*